బిల్లు తప్పుగా వచ్చింది: వెండర్‌కి ఏం రాయాలి, ఏ కాగితం అడగాలి

అందరికీ నమస్కారం. కొనుగోళ్ల వాళ్లు, స్టోర్స్ వాళ్లు, అకౌంట్స్ వాళ్లు ఇవాళ ఒకే గదిలో కూర్చున్నారు కాబట్టి, ఈ ముగ్గురి మధ్యా రోజూ నలిగే ఒక్క విషయం మాట్లాడతాను. వెండర్ పంపిన బిల్లులో మొత్తం తప్పుంది. అది వాళ్లకి చెప్పాలి, సరిచేసిన బిల్లో క్రెడిట్ నోటో తెప్పించుకోవాలి. అంతే కదా, ఒక మెయిల్ పడేస్తే పోతుంది అనిపిస్తుంది. కానీ అలా పడేసిన మెయిళ్లే నెలల తరబడి అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఎందుకంటే "మీ బిల్లు తప్పుగా ఉంది, సరిచేసి పంపండి" అన్న వాక్యంలో అవతలివాళ్లు పని మొదలుపెట్టడానికి కావలసింది ఒక్కటీ ఉండదు.

ఒక లెక్క తీసుకుందాం, చివరిదాకా దాన్నే పట్టుకుని నడుద్దాం. పర్చేజ్ ఆర్డర్ నంబరు 684. అందులో 500 పెట్టెలు, పెట్టెకి ధర 240. స్టోర్స్‌లో దింపుకున్నవి 480. వచ్చిన బిల్లు నంబరు 2071. అందులో 500 పెట్టెలు, ధర 246, మొత్తం 1,23,000. దానిపై 10 శాతం పన్ను కలిపి 1,35,300. మనం ఇవ్వాల్సింది 480ని 240తో గుణిస్తే 1,15,200, పన్నుతో 1,26,720. తేడా 8,580.

ఈ 8,580 అన్న అంకె ఒక్కటే రాసి పంపితే పని జరగదు. అందులో రెండు వేర్వేరు తప్పులున్నాయి. ఒకటి పరిమాణంలో తేడా, ఇంకొకటి ధరలో తేడా. వెండర్ ఆఫీసులో ఈ రెంటినీ చూసేవాళ్లు వేరు. ధర సంగతి సేల్స్ వాళ్లు తేల్చాలి, సరుకు తక్కువొచ్చిన సంగతి వాళ్ల గోడౌన్ తేల్చాలి. రెంటినీ ఒకే ముద్దగా పంపితే, ధర విషయం ఒక్క రోజులో ఒప్పుకోవాల్సినవాళ్లు కూడా గోడౌన్ జవాబు కోసం ఫైలు పక్కన పెట్టేస్తారు. అందుకని విడగొట్టి రాయండి.

విడగొట్టేటప్పుడు ఒక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. చాలామంది ఇలా లెక్క వేస్తారు: రాని 20 పెట్టెలు బిల్లు ధర 246 చొప్పున 4,920, ధర తేడా 6 చొప్పున 500 పెట్టెలకి 3,000, మొత్తం 7,920. కానీ పన్ను కాకుండా అసలు తేడా 7,800 మాత్రమే. ఆ 120 ఎక్కడిదంటే, రాని 20 పెట్టెలకి 6 చొప్పున రెండుసార్లు అడిగేశాం. రాని పెట్టెలకి బిల్లులో వేసిన మొత్తం ధరా వెనక్కి అడిగాక, వాటి మీద మళ్లీ ధర తేడా అడగడానికి ఏం మిగల్లేదు. సరైన లెక్క ఇది: రాని 20కి 246 చొప్పున 4,920, వచ్చిన 480కి 6 చొప్పున 2,880. కలిపితే 7,800. దానిపై పన్ను 780. ఇక్కడ మనం 120 ఎక్కువ అడిగితే, అవతలివాళ్లు ఆ 120ని పట్టుకుని మిగతా 7,800నీ అనుమానంగా చూస్తారు. తప్పు ఎత్తిచూపేవాడి లెక్కలో తప్పుండకూడదు కదండీ.

మెయిల్ రాసేముందు మన ఇంట్లో రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, రుజువు. ధరకైతే పర్చేజ్ ఆర్డర్ ఉంది, అయినా దాని తేదీ చూడండి. "ధరలు పెంచాం, ఆ తేదీ తర్వాతే సరుకు పంపాం" అని వాళ్లు అనొచ్చు. ఆర్డర్‌లో ధర స్థిరమని ఉందా, పంపేనాటి ధర అని ఉందా అన్నదాన్ని బట్టే జవాబు. సరుకు విషయంలో అసలు రుజువు డెలివరీ చలాన్. 480 మాత్రమే దింపామని చలాన్ మీదే రాసి, తెచ్చిన మనిషి చేత సంతకం పెట్టించుకుంటే మన మాట గట్టిది. 500కి సంతకం పెట్టేసి, మర్నాడు లెక్కపెట్టుకుని 20 తక్కువని రాస్తే అది మన మాట మీద వాళ్ల మాట. అప్పుడు కూడా అడగొచ్చు, కానీ హక్కుగా గదమాయించి కాదు, పంపిన చోట కూడా లెక్క చూడమని అడగాలి. స్టోర్స్ మిత్రులకి ఇది నచ్చకపోవచ్చు గానీ, అకౌంట్స్‌లో గెలిచే వాదనలు చాలావరకు మీ దించుడు దగ్గరే తేలిపోతాయి.

రెండోది, ఆ 20 పెట్టెలు మనకి ఇంకా కావాలా, వద్దా? ఈ ప్రశ్న అడగకుండానే క్రెడిట్ నోట్ కోరతాం. పది రోజులకి అటు క్రెడిట్ నోటూ వస్తుంది, ఇటు 20 పెట్టెలూ దిగుతాయి, వాటికి బిల్లు మాత్రం ఉండదు. కావాలనుకుంటే రెండు దారులు. ఈ బిల్లు కిందే వెంటనే పంపేస్తామంటే పరిమాణానికి క్రెడిట్ నోట్ అక్కర్లేదు, ధర తేడాకి మాత్రం 500కీ 6 చొప్పున 3,000, దాని మీద పన్నూ అడగాలి. ఎప్పుడో పంపుతామంటే ఇప్పుడు క్రెడిట్ నోట్ తీసుకుని, అవి వచ్చినప్పుడు 240 ధరకి కొత్త బిల్లు ఇమ్మనడం శుభ్రమైన పని. అక్కర్లేదనుకుంటే ఆర్డర్‌లో మిగిలిన 20ని రద్దు చేస్తున్నామని కూడా ఆ మెయిల్‌లోనే రాయాలి.

ఇక అసలు ప్రశ్న: సరిచేసిన బిల్లు అడగాలా, క్రెడిట్ నోట్ అడగాలా? చాలామందికి సరిచేసిన బిల్లే ఇష్టం, ఒకే కాగితం, చూడ్డానికి చక్కగా ఉంటుంది. నా ఓటు ఎక్కువసార్లు క్రెడిట్ నోట్‌కే. బిల్లు వచ్చి ఒకటి రెండు రోజులై, మన పుస్తకాల్లో ఎక్కక, వాళ్లు కూడా పన్ను లెక్కల్లో చూపించకముందైతే పాతది రద్దు చేసి కొత్తది ఇవ్వమనొచ్చు. రెండువైపులా ఎక్కిపోయిన బిల్లుని చెరిపి రాయడం కుదరదు. దాన్ని అలాగే ఉంచి, దాని కింద తగ్గింపు చూపే కాగితం ఉండాలి. అదే క్రెడిట్ నోట్.

సరిచేసిన బిల్లులో ప్రమాదం రెండు రకాలుగా వస్తుంది. అదే నంబరు 2071తో అంకెలు మార్చి పీడీఎఫ్ పంపుతారు. అప్పుడు ఒకే నంబరు మీద రెండు వేర్వేరు మొత్తాలున్న కాగితాలు తిరుగుతుంటాయి; రేపు ఆడిటర్ ఏది నిజమని అడిగితే జవాబు ఉండదు. లేదంటే 2071-ఏ అని కొత్త నంబరుతో పంపుతారు. మన సాఫ్ట్‌వేర్ డూప్లికేట్ బిల్లుల్ని నంబరు చూసే పట్టుకుంటుంది. నంబరు మారితే చాలాసార్లు పట్టుకోదు. పాత బిల్లు ఎవరి టేబుల్ మీదో ఆమోదం కోసం పడి ఉంటుంది, కొత్తది ఇంకో దారిన వస్తుంది, రెంటికీ డబ్బు వెళ్లిపోతుంది. కాబట్టి కొత్త బిల్లు ఒప్పుకున్నా సరే, 2071 రద్దయినట్టు రాతపూర్వకంగానో, దాని పూర్తి మొత్తానికి క్రెడిట్ నోట్ రూపంలోనో తీసుకోనిదే కొత్తది ఎక్కించకండి.

కొందరు ఈ గొడవంతా ఎందుకని మనమే డెబిట్ నోట్ రాసి కోసేసుకుంటారు. ఒప్పందంలో ఆ పద్ధతి ఉంటే సరే. కానీ పన్ను సర్దుబాటుకి చాలాచోట్ల వెండర్ ఇచ్చిన కాగితమే చెల్లుతుంది. మన డెబిట్ నోట్ మన పుస్తకాల్లో చక్కగా కూర్చుంటుంది, వాళ్ల పుస్తకాల్లో మనం బాకీదారుగానే ఉంటాం.

మెయిల్ ఎలా ఉండాలో చదువుతాను. సబ్జెక్ట్ లైనులోనే బిల్లు నంబరు, ఆర్డర్ నంబరు, తేడా మొత్తం ఉండాలి.

"నమస్కారం అండీ. మీ బిల్లు 2071, మా పర్చేజ్ ఆర్డర్ 684కి సంబంధించి రెండు తేడాలు గమనించాం. ఒకటి: బిల్లులో 500 పెట్టెలు ఉన్నాయి, మాకు అందినవి 480, తేడా 20కి 246 చొప్పున 4,920. రెండు: ఆర్డర్ ధర 240, బిల్లు ధర 246, అందిన 480కి 6 చొప్పున 2,880. రెండూ కలిపి 7,800, పన్ను 780, మొత్తం 8,580. ఆర్డర్, మీ మనిషి సంతకం చేసిన చలాన్ జతచేశాం. బిల్లు 2071ని ప్రస్తావిస్తూ ఈ మొత్తానికి క్రెడిట్ నోట్ పంపగలరు. రెండు విషయాలూ ఒకేసారి తేలకపోతే రెండు విడి నోట్లు ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. మిగిలిన 20 పెట్టెలు ఇక పంపనవసరం లేదు. తేడా లేని 1,26,720 గడువు తేదీకి చెల్లిస్తున్నాం."

చూశారుగా, ఇందులో నింద లేదు, "మీ నిర్లక్ష్యం వల్ల" లేదు. బిల్లు వేసిన క్లర్కు తన పైవాళ్లకి ఈ మెయిల్ ఉన్నదున్నట్టు పంపగలగాలి. మర్యాద పేరుతో "వీలు చూసుకుని ఒకసారి చూడండి" అని నీళ్లు నమలడమూ వద్దు.

ఆ ఆఖరి వాక్యం గురించి ఒక మాట. తేడా ఉందని బిల్లు మొత్తం ఆపేయడం మన అలవాటు. 8,580 కోసం 1,26,720 ఆపితే, ఆలస్యం చేసినవాళ్లం మనమవుతాం, ఒప్పందంలో వడ్డీ షరతు ఉంటే అదీ మన మీదే పడుతుంది. తేడా లేని భాగం చెల్లించి, చెల్లింపు వివరాల్లో "2071కి, 8,580 వివాదంలో ఉంది" అని రాయండి. లేకపోతే వాళ్లు ఆ డబ్బుని ఏ పాత బిల్లుకో జమ వేసుకుంటారు. మీ సాఫ్ట్‌వేర్‌లో భాగం చెల్లించే వీలు లేకపోతే, ఆపుతున్నామన్న సంగతి గడువు దాటాక కాదు, ముందే చెప్పండి.

క్రెడిట్ నోట్ వచ్చాక కూడా చదవాలండోయ్. 2071 నంబరు, తేదీ ఉన్నాయా? 7,800కి నోట్ ఇచ్చి పన్ను 780 వదిలేశారా? ఇది తరచూ జరిగేదే, మొత్తం కింద చూసి టిక్కు పెట్టేస్తే దొరకదు. సరిచేసిన బిల్లు వస్తే మాత్రం ముందు బ్యాంకు ఖాతా నంబరు చూడండి. ఖాతా మారి ఉంటే, మెయిల్‌లో ఇచ్చిన ఫోన్‌కి కాకుండా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి. బిల్లు సరిచేస్తున్నారని తెలిసిన మోసగాడికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

నోట్‌ని లెడ్జర్‌లో 2071 ఎదురుగానే సర్దుబాటు చేయండి. ఊరికే ఖాతాలో జమగా వదిలేస్తే 2071 మీద 8,580 బాకీ తెరిచే ఉంటుంది, ఎవరో ఒకరు ఏడాది చివర్లో దాన్ని చూసి చెల్లించేస్తారు. నెలాఖరుకి వెండర్ నుంచి స్టేట్‌మెంట్ తెప్పించుకుని, వాళ్ల వైపు కూడా 2071 సున్నా అయిందో లేదో చూడండి. కాకపోతే మళ్లీ కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, క్రెడిట్ నోట్ నంబరు రాసి పాత మెయిల్‌కే జవాబు పంపండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ముందు స్టోర్స్ వాళ్లవి తీసుకుందాం.