హోటల్ బోర్డు అరబిక్‌లోకి మారేటప్పుడు

అందరికీ నమస్కారం. గల్ఫ్‌లో హోటళ్లు నడిపేవాళ్లు, వాళ్లకు బోర్డులు చేసిపెట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క స్లోగన్‌నే పట్టుకుని చివరిదాకా చూద్దాం. ఇంగ్లిష్‌లో అది ‘కమ్ హంగ్రీ, లీవ్ హ్యాపీ’.

మాటకు మాట పెడితే ‘తఆల్ జాయిఅన్, ఉఖ్రుజ్ సయీదన్’ అవుతుంది. వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ ‘ఉఖ్రుజ్’ అంటే ‘బయటికి నడువు’ అన్నట్టే వినపడుతుంది. అతిథి ఇంకా కూర్చోనైనా లేదు, అప్పుడే వెళ్లమంటే ఏం మర్యాద? పైగా ఇవి మగవాణ్ణి పిలిచే క్రియలు. ఆడవాళ్లకైతే తఆలయ్, ఉఖ్రుజీ అనాలి. మన ‘రండి’కి ఈ గొడవ లేదు.

అందుకని క్రియను వదిలేసి, ఒక నామవాచకానికి ‘నీ’ అనే అర్థమిచ్చే ‘క్’ చేరుస్తారు. మగవాళ్లకు ‘అక్’, ఆడవాళ్లకు ‘ఇక్’ అని పలుకుతారు గానీ, అరబిక్‌లో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. రాతలో రెండూ ఒకటే. ఎవరికి వారు తమను పిలిచినట్టే చదువుకుంటారు.

అలా ‘జూఅక్ అలైనా’ అని పెట్టామనుకోండి. మీ ఆకలి సంగతి మేం చూసుకుంటాం అని మన ఉద్దేశం. కానీ ‘భోజనం అలైనా’ అంటే అక్కడ బిల్లు మేమే కడతామని. కౌంటర్ దగ్గర రోజూ పంచాయితీయే!

‘సుఫ్రతక్ ఇందనా’ అంటే మీ భోజనాల బల్ల మా దగ్గరే ఉందని. సుఫ్రా అంటే నలుగురూ చుట్టూ కూర్చుని తినేలా పరిచిన భోజనం. ఇది నాకు నచ్చుతుంది. అయితే ఇందాక మేలు చేసిన ఆ రాయని అచ్చే ఇక్కడ ఇరికిస్తుంది. అవే అక్షరాలను ‘సఫ్రతక్’ అని చదివితే ‘నీ ప్రయాణం’. హోటల్ కాస్తా ట్రావెల్ ఏజెన్సీ అయిపోతుంది. మొదటి అక్షరం మీద ‘ఉ’కారానికి దమ్మా అనే చిన్న గుర్తు పెడితే చాలు, సందేహం తీరుతుంది.

తర్వాత, ఇంగ్లిష్ స్లోగన్ చూడని ఇద్దరికి చూపించి ‘ఇది ఏం షాపు?’ అని అడగండి. ఒకరు గల్ఫ్ వాళ్లు, ఒకరు ఈజిప్టు వాళ్లైతే మేలు. ‘ఐష్’ అంటే ఈజిప్టులో రొట్టె, గల్ఫ్‌లో అన్నం మరి. పార్సిల్ కవర్ల మీద మాత్రం బిస్మిల్లా లాంటి మాటలు వేయకండి. తిన్నాక ఆ కవరు పోయేది చెత్తబుట్టలోకే.

ఇక ప్రింటింగ్. అరబిక్ సరిగ్గా రాని సాఫ్ట్‌వేర్ అక్షరాలను విడగొట్టి, ఎడమ నుంచి కుడికి తిప్పేస్తుంది. అరబిక్ చదవడం రాకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. మన రెండు మాటల్లోనూ ఐదేసి అక్షరాలున్నాయి. సరిగ్గా వస్తే ఒక్కో మాట రెండు ముక్కలుగా కనపడుతుంది, మొదట మూడక్షరాలు కలిసి, తర్వాత రెండు కలిసి. దమ్మా గుర్తు కుడి చివర ఉండాలి. ఐదు అక్షరాలూ విడివిడిగా నిలబడి ఉంటే ప్రూఫ్ మీద సంతకం పెట్టకండి.