భయ్యా కాదు, దీదీ

శ్రోతలకు నమస్కారం.

తిరుపతి రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జి ఉంది. పేరు ఎందుకులెండి. అక్కడ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి మా వీధిలోనే ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్నే ఒక కాగితం, ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "మేడం, నన్ను అందరూ భయ్యా అంటున్నారు" అంది. నాకు నవ్వొచ్చింది. తను మాత్రం నవ్వలేదు.

బాలాజీ దర్శనానికి నాగపూర్ నుంచి, ఇండోర్ నుంచి వచ్చేవాళ్ళు ముందే వాట్సాప్‌లో గది అడుగుతారు. ఈ అమ్మాయికి హిందీ అర్థమవుతుంది గానీ సొంతంగా రాయడం రాదు. తనకన్నా ముందు ఆ సీట్లో పనిచేసిన అబ్బాయి, రోజూ పనికొచ్చే పదకొండు వాక్యాలు కాగితం మీద రాసిచ్చి వెళ్ళాడు. వాటినే చూసి పంపుతోంది. అవతలివాళ్ళకి ఈమె గొంతు వినపడదు. నంబరు లాడ్జి పేరు మీద ఉంది కాబట్టి ఈమె పేరూ కనపడదు. వాళ్ళ చేతికి దొరికేదల్లా క్రియ ఒక్కటే. ఆ క్రియేమో ప్రతిసారీ "రాసేది మగవాడు" అని చెప్పేస్తోంది.

హిందీలో మగవాడు "నేను వెళ్తాను" అనాలంటే "మై జాతా హూ" అంటాడు, ఆడమనిషి "మై జాతీ హూ" అంటుంది. మన తెలుగులో "వెళ్తాను" అంటే ఎవరైనా ఒకటే. నేను స్కూల్లో ఉన్నప్పుడు "మై జాతా హూ" అని ఆడపిల్లలం, మగపిల్లలం కలిసి ఒకే గొంతుతో వల్లించేవాళ్ళం. ఆ తర్వాత సభ వాళ్ళ పరీక్షలకు కట్టాను. సభ అంటే 1918లో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష, వరసగా రాశాను. రాష్ట్రభాష పాసయ్యాక కూడా గబగబా మాట్లాడేటప్పుడు నా నోట "జాతా హూ" అనే వచ్చేది. చిన్నప్పటి వల్లింపు అంత తొందరగా వదలదు.

అయితే ఇది మనకు బొత్తిగా తెలియని సంగతేమీ కాదు. "చిన్నప్పుడు అలిపిరి నుంచి కొండకి నడిచేదాన్ని" అని నేనంటే, నన్ను చూడకపోయినా మాట్లాడేది ఆడమనిషి అని మీకు తెలిసిపోతుంది. మా ఆయనైతే "నడిచేవాణ్ణి" అంటారు. "నడిచాను" అన్నప్పుడు లేని తేడా "నడిచేదాన్ని" అనేసరికి ఎక్కడి నుంచి వచ్చింది? "నడిచే" అన్నది మనిషిని వర్ణించే మాట. దానికి "వాడు", "అది" అనే మాటలు తగిలించి, చివర "నేను" అనే గుర్తు పెట్టాం. హిందీలో రోజువారీ క్రియలు చాలావరకు ఈ "నడిచేదాన్ని" కోవలోవే. "జాతా" పుట్టుకలో వర్ణించే మాటే, "వెళ్తున్నటువంటి" అని. అందుకే చిన్న అబ్బాయిని ఛోటా, చిన్న అమ్మాయిని ఛోటీ అన్నట్టే, జాతా కాస్తా జాతీ అవుతుంది. "గయా" సంస్కృతంలోని "గత" నుంచి వచ్చింది. భవిష్యత్తు చెప్పే "గా" కూడా ఆ "గత" నుంచి వచ్చిందే. "కరూంగా" అన్నది ఒకే ముక్కగా వినపడుతుంది గానీ, అది "కరూ", "గా" అని రెండు ముక్కలు. గా తీసేస్తే మిగిలే "కరూ" అంటే మన "చెయ్యనా". దానికి ఆడా మగా లేదు. ఈ ముక్కను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఆ కాగితం సంగతి. నా దగ్గరికి వచ్చేముందే ఆ అమ్మాయి తన తమ్ముడి చేత దాన్ని దిద్దించింది. ఆ పిల్లాడికి తెలిసిన సూత్రం ఒక్కటే, ఆడవాళ్ళకైతే "ఈ" పెట్టాలి అని. కాగితంలో ఆకారం కనపడిన ప్రతి క్రియకూ ఈకారం పెట్టేశాడు. దాంతో కొత్త గొడవ వచ్చింది. "మైనే ఆప్‌కీ నామ్ లిఖ్ లీ హై" అని పంపింది. అవతలి పెద్దాయన ఏమీ అనలేదు గానీ, నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపాడట. తనకి టెన్షన్ ఎక్కువై నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

నిజానికి "మైనే ఆప్‌కా నామ్ లిఖ్ లియా హై" అనే వాక్యాన్ని ముట్టుకోకూడదు. మగవాడు రాసినా, ఆడమనిషి రాసినా అది అంతే. ఇక్కడ "మై" లేదు, "మైనే" ఉంది. రాశాను, తిన్నాను, ఇచ్చాను లాంటి క్రియల్లో, పని అయిపోయిందని చెప్పేటప్పుడు ఈ "నే" వస్తుంది. అది రాగానే క్రియ మాట్లాడే మనిషిని వదిలేసి, ఆ పని దేనిమీద జరిగిందో దాని వెంట పోతుంది. నామ్ హిందీలో పుంలింగం కాబట్టి "లియా". అదే కాగితంలో "మైనే చాబీ దే దీ హై" అని ఇంకో వాక్యం ఉంది. తాళంచెవి ఇచ్చేశాను అని. చాబీ స్త్రీలింగం, అందుకని "దీ". మీసాలు మెలేసే మేనేజరు చెప్పినా "దీ" అనే అనాలి. ఆ అబ్బాయి మొదట్లోనే దాన్ని "దీ" అని సరిగ్గా రాశాడు. ఈ అమ్మాయేమో అది తన కోసమే ఉందనుకొని సంతోషపడింది.

ఇద్దరం వరండాలో కూర్చొని, ఒక్కో వాక్యం చదివి, "ఈ క్రియ ఎవరి వెనక నడుస్తోంది?" అని అడుగుతూ పోయాం. "చూసి చెప్తాను" అనడానికి "మై దేఖ్ కర్ బతాతా హూ" అని ఉంది. అక్కడ మై ఉంది, నే లేదు, క్రియ తన వెనకే నడుస్తోంది. అది "బతాతీ హూ" అయింది. "ఐదు నిమిషాల్లో ఫోన్ చేస్తాను" అన్నచోట "కరూంగా" కరూంగీ అయింది. "మరిచిపోయాను" అన్నది "మై భూల్ గయా థా". ఇక్కడ రెండుచోట్ల మారాలి, "భూల్ గయీ థీ". మరిచిపోవడం కూడా అయిపోయిన పనే కదా, మరి "నే" ఎందుకు రాలేదు అని అడిగింది. మంచి ప్రశ్నే. జానా, ఆనా లాంటి క్రియలకు నే రాదు. భూల్‌నా, లానా వాటి జట్టులోనే చేరాయి. వాటిని అలాగే గుర్తుపెట్టుకోవాలి, వేరే దారి లేదు.

"ముఝే మాలూమ్ నహీ" అన్నది మారలేదు, అక్కడ నేను కాదు, "నాకు" ఉంది. "ముఝే లగ్తా హై" కూడా అంతే. నాకు అనిపిస్తోంది అని ఆడమనిషి అన్నా "లగ్తా" అనే అంటుంది. తమ్ముడు దాన్నీ లగ్తీ చేసి పెట్టాడు, మళ్ళీ వెనక్కి దిద్దాం. "ఆధార్ కార్డ్ దిఖాయియే" అన్నది చూపించండి అని అడగడం, అందులో ఆడా మగా లేదు. "గాడీ బులా దూ?" అంటే బండి పిలవనా అని. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇదే. గా లేదు కాబట్టి దిద్దడానికీ ఏమీ లేదు.

ఇలా తొమ్మిది వాక్యాలు చూస్తే, తన కోసం మార్చాల్సినవి మూడే తేలాయి. పాపం తమ్ముడు అనవసరంగా కష్టపడ్డాడు.

మిగిలిన రెండూ ఇంకో రకం. "ఆప్ కహా సే బోల్ రహే హై?", "ఆప్ కితనే బజే ఆయేంగే?" వీటిలో మాట్లాడే మనిషితో పని లేదు, అవతల ఉన్నది ఎవరు అన్నదే లెక్క. మనం "మీరు ఎప్పుడు వస్తారు" అని అత్తగారినీ అడుగుతాం, మామగారినీ అడుగుతాం. గౌరవం ఇవ్వగానే తెలుగులో ఆడా మగా తేడా పోతుంది. హిందీలో పోదు. అత్తగారినైతే "ఆయేంగీ", "బోల్ రహీ హై" అనే అడగాలి. మనవాళ్ళు "మేడం ఆ రహే హై" అంటూ ఉంటారే, అది "మేడం వస్తున్నారు" అనే తెలుగుకి హిందీ చొక్కా తొడగడమే. అనేవాళ్ళ మనసులో మర్యాదే ఉంటుంది గానీ, వినేవాళ్ళ చెవికి మాత్రం మేడం మగవారైపోతారు.

అవతల ఉన్నది ఎవరో ఎలా తెలుస్తుంది? వాళ్ళ క్రియే చూడాలి. "మై ఆ రహీ హూ" అని వస్తే అనుమానం లేదు. "హమ్ ఆయేంగే" అని వస్తే మాత్రం ఏమీ చెప్పలేం. ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు ఆడవాళ్ళు కూడా తమ గురించి "హమ్ ఆయేంగే" అనడం మామూలే. పైగా కుటుంబం మొత్తం వస్తుంటే, మెసేజ్ పెట్టింది ఇల్లాలే అయినా, "ఆప్ లోగ్ కబ్ ఆయేంగే" అనడమే సరైనది. గుంపులో ఒక్క మగవాడున్నా క్రియ అటే పోతుంది. ఈ పద్ధతి నాకు అంతగా నచ్చదు గానీ, నా ఇష్టంతో వ్యాకరణానికి ఏం పని? ఎటూ తేలనప్పుడు "ఆనే కా టైమ్ బతాయియే" అని రాయమన్నాను. వచ్చే టైము చెప్పండి అని. బతాయియే ఎవరికైనా సరిపోతుంది.

ఆ అమ్మాయికి ఇంకో ఇబ్బంది ఉంది. కాగితంలో లేని ప్రశ్న వస్తే, వేరే ఊళ్ళో ఉన్న ఆ పాత అబ్బాయికే ఫోన్ చేసి జవాబు రాయించుకుంటుంది. అతను అలవాటు కొద్దీ మగవాడి మాటే రాసిస్తాడు. "నాకు ఆడవాళ్ళ హిందీలో రాసివ్వు అంటే వాడు నవ్వుతాడు మేడం" అంది. ఆడవాళ్ళ హిందీ అని వేరే ఏమీ లేదు, అలా అడిగితే అతనూ తమ్ముడిలాగే అన్నీ ఈకారాలు చేస్తాడు. అందుకని అడిగే పద్ధతి మార్చాం. ఇప్పుడు అతనికి ఇలా చెబుతోంది: "పంపేది నేను. మై ఉన్న చోట తీ, రహీ, గయీ, గీ పెట్టు. మైనే ఉన్న చోట, ముఝే ఉన్న చోట ఏమీ మార్చొద్దు. ఈసారి అడిగింది ఒకావిడ, ఒక్కరే వస్తున్నారు, ఆప్ దగ్గర కూడా ఆడవాళ్ళకి రాసినట్టే రాయి." రెండుసార్లు ఇలా అడిగేసరికి, మూడోసారి నుంచి అతనే "అవతల ఎవరు, ఆడా మగా?" అని అడగడం మొదలుపెట్టాడట.

మొన్న సాయంత్రం గుడికి వెళ్తుంటే దారిలో కనపడింది. ఆగి, ఫోను తీసి చూపించింది. ఇండోర్ నుంచి ఎవరో పెట్టారు, "భయ్యా, రూమ్ మిలేగా?" అని. కింద ఈ అమ్మాయి జవాబు, కాగితం చూడకుండా తనే రాసిందట: "జీ, మిలేగా. మై అభీ ఫోటో భేజ్‌తీ హూ."

భేజ్‌తీ సరే, నేను ముందు చూసింది మిలేగా. దొరికేది గది, రూమ్ పుంలింగం. దాన్ని మిలేగీ చెయ్యలేదు.

ఆ కిందే అవతలివాళ్ళ మాట ఉంది: "సారీ దీదీ. భేజియే."