గీతల స్కెచ్ నుంచి డెప్త్ మ్యాప్: నేపథ్య చిత్రంలో దేని చోటు దానికి దక్కేలా

[తెరపై: పెన్సిల్ స్కెచ్. ఎడమ అంచున వేపచెట్టు మొదలు, కుడివైపు పెంకుటిళ్ల వరస, వీధి చివర గోపురం.]

ఇది ఒక యానిమేషన్ సన్నివేశానికి నేపథ్యంగా వేసుకున్న చిత్తు స్కెచ్. పాత్ర నడిచి రావాలి కనుక వీధి మధ్యభాగాన్ని ఖాళీగా వదిలాం. ప్రాంప్ట్‌లో ఎంత వివరంగా రాసినా, బొమ్మలు తయారుచేసే ఏఐ మోడల్ గోపురాన్ని తనకు తోచిన చోటే నిలబెడుతుంది. అందువల్ల ఈ స్కెచ్‌నే, బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో మోడల్‌కు చూపే కంట్రోల్‌నెట్ ద్వారా ఆధారంగా ఇస్తాం.

[తెరపై: అదే స్కెచ్ నుంచి తీసిన క్యానీ అంచులు. ప్రతి గీతా రెండుగా కనిపిస్తుంది.]

చాలామంది మొదట పట్టుకునేది క్యానీ పద్ధతిని. అది వెలుగు హఠాత్తుగా మారే చోట్లను వెతుకుతుంది కనుక, లావుపాటి పెన్సిల్ గీతకు రెండు వైపులా రెండు అంచులను గీస్తుంది. ఒక్క స్తంభం జంట స్తంభాలుగా మారడానికి ఇదే కారణం. పైగా అంచులు లేని చోట వివరాలు ఉండకూడదని మోడల్ అర్థం చేసుకుంటుంది కాబట్టి, మనం తీరిక లేక ఖాళీగా వదిలేసిన వేప కొమ్మల గుబురు నున్నటి పచ్చముద్దగా వస్తుంది. చిత్తు స్కెచ్‌లో దూరాలు స్థిరంగా ఉండాలి, వివరాలు మాత్రం మోడల్ నింపాలి. ఆ పనికి, ఏది ఎంత దూరంలో ఉందో బూడిదరంగు ఛాయలతో చెప్పే డెప్త్ మ్యాప్ మేలు.

అయితే స్కెచ్‌ను నేరుగా, బొమ్మను చూసి లోతును అంచనా వేసే డెప్త్ ప్రీప్రాసెసర్‌కు ఇస్తే ఫలితం నమ్మదగినదిగా ఉండదు. నీడలు లేని గీతల బొమ్మను అది తరచుగా చదునైన కాగితంగానే చూస్తుంది. కాబట్టి మ్యాప్‌ను మనమే బూడిదరంగుతో వేసుకోవాలి. దగ్గరివి తెల్లగా, దూరపువి నల్లగా ఉండాలి.

[తెరపై: 1344×768 కాన్వాస్. పైనుంచి 300వ పిక్సెల్ వరస దగ్గర క్షితిజ రేఖ.]

ముందు నేల వేద్దాం. నేలంతా ఒకే బూడిదరంగుతో నింపితే మోడల్ దాన్ని మనకు ఎదురుగా లేచిన గోడగా చదువుతుంది. ఇదే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ఈ మ్యాప్‌లలో సాధారణంగా ఉండేది దూరం కాదు, దూరపు విలోమం. చదునైన నేలకు ఆ విలువ క్షితిజం నుంచి కిందికి సమానమైన వేగంతో పెరుగుతుంది కనుక, మామూలు లీనియర్ గ్రేడియెంట్ సరిగ్గా సరిపోతుంది. 0 నలుపు, 255 తెలుపు అయిన కొలతలో క్షితిజం వద్ద 30, కాన్వాస్ అడుగున 220 పెడదాం. ఆకాశం పూర్తిగా 0.

ఇక నిలువుగా నిలబడిన ప్రతి వస్తువూ తన పాదం నేలను తాకే చోటి రంగునే తీసుకోవాలి. గోపురం పాదం 339వ వరసలో ఉంది. ఐడ్రాపర్‌తో అక్కడ తాకితే సుమారు 46 వస్తుంది, గోపురమంతా ఆ రంగుతోనే నింపుతాం. వేపచెట్టు పాదం ఫ్రేముకు కిందుగా, బయట ఉంది కాబట్టి దానికి 240 ఇస్తాం. ఇళ్ల వరస దూరంగా జరుగుతూ పోయే గోడ. దానికి కుడి అంచున 188, వీధి చివర 62 ఉండేలా అడ్డంగా గ్రేడియెంట్ లాగాలి.

[తెరపై: ComfyUI. Load Image నుంచి నేరుగా Apply ControlNetకు తీగ.]

మ్యాప్ ఇప్పటికే సిద్ధంగా ఉంది కనుక మధ్యలో ప్రీప్రాసెసర్ పెట్టకూడదు. పెడితే మనం వేసిన బూడిదరంగు బొమ్మను అది మళ్లీ ఫొటోగా భావించి లోతును కొత్తగా అంచనా వేస్తుంది. కంట్రోల్‌నెట్ ఫైలు కూడా మూల మోడల్ కుటుంబానికి చెందినదే కావాలి; ఇక్కడ రెండూ SDXLకు చెందినవి.

```
strength       0.70
start_percent  0.00
end_percent    0.60
```

బొమ్మను దశలవారీగా తయారుచేసే డిఫ్యూజన్‌లో ఏది ఎక్కడ ఉండాలన్నది తొలి దశల్లోనే చాలావరకు తేలిపోతుంది. అందుకే మార్గదర్శకాన్ని 60 శాతం దగ్గర ఆపేస్తే, మిగిలిన దశల్లో పెంకుల వరసలు, గోపురం మీది శిల్పాలు స్వేచ్ఛగా రూపుదిద్దుకుంటాయి. చివరిదాకా కొనసాగిస్తే, ఒకే రంగుతో నింపిన గోపురం అట్టముక్క కత్తిరించి నిలబెట్టినట్టు చదునుగా కనిపించే ప్రమాదం ఉంది. అలా కనిపించినప్పుడు మ్యాప్‌ను తప్పుపట్టే ముందు end_percentను తగ్గించి చూడాలి. అంచులు మెత్తబడతాయని మ్యాప్‌ను బ్లర్ చేయడం మాత్రం నాకు నచ్చని చిట్కా, ఎందుకంటే చెట్టు చుట్టూ వెలుగు వలయంలాంటి మచ్చ మిగులుతుంది.

[తెరపై: రెండు ఫలితాలు పక్కపక్కన. ఒకదానిలో వీధి మధ్యలో జనం.]

ఖాళీగా ఉంచిన చోట జనం వచ్చారంటే, తొందరపడి strength పెంచకుండా ముందు ప్రాంప్ట్ చదవాలి. అందులో "busy street" అని ఉంటే, 0.70 దగ్గర మోడల్‌కు జనాన్ని చేర్చేంత వెసులుబాటు ఉంటుంది. దాన్ని "empty street"గా మార్చాలి.

గోడకు అంటుకుని ఉన్న తలుపులు, కిటికీల గురించి డెప్త్ మ్యాప్ దాదాపు ఏమీ చెప్పదు. వాటి చోటు కూడా ఖాయం కావాలంటే, తలుపుల గీతలను మాత్రమే నల్లని నేపథ్యం మీద సన్నని తెల్లగీతలుగా వేసి, స్క్రిబుల్ రకం కంట్రోల్‌నెట్‌ను రెండోదిగా, 0.35 strengthతో జతచేయాలి.