రౌండబౌట్‌లో కుడికి తిరగాలంటే: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. బండి నడపడం నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఈ ఫోన్-ఇన్ కార్యక్రమం. ఇవాళ మాట్లాడుకునేది రౌండబౌట్ గురించి. డ్రైవింగ్ నేర్పే మేడమ్ మనతో స్టూడియోలో ఉన్నారు. అప్పుడే ఒకరు లైన్లోకి వచ్చేశారు. హలో, చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. నేను యాభై దాటాక కారు నేర్చుకుంటున్నాను. తిన్నని రోడ్డు మీద బాగానే నడుపుతాను. రౌండబౌట్ కనబడిందా, ఇక కాళ్లూ చేతులూ ఆడవు. పక్కన కూర్చున్న మా అమ్మాయి ‘పో నాన్నా, పో’ అంటుంది. వెనకనుంచి హారన్లు. అసలు ఎప్పుడు పోవాలో నాకు తెలియడం లేదు మేడమ్.

శిక్షకురాలు: నమస్కారమండీ. ముందు మీ అమ్మాయిని ‘పో’ అనడం మానెయ్యమనండి. ఆవిడ కూర్చున్న చోటినుంచి కనబడేది వేరు, మీకు కనబడేది వేరు. ఆవిడ చెప్పాక మీరు కదిలేలోపు ఆ ఖాళీ కాస్తా మూసుకుపోతుంది. సరే, మీకు బాగా కష్టంగా అనిపించే మలుపు ఏది?

శ్రోత: కుడికి తిరగడమండీ. ఎడమకైతే ఎలాగో తిప్పేస్తాను.

శిక్షకురాలు: అయితే అదొక్కటే మొదటినుంచీ చివరిదాకా చూద్దాం. నాలుగు రోడ్లు కలిసే చోటు, మీ రోడ్డుకు రెండు లేన్లు, రౌండబౌట్ లోపల కూడా రెండు లేన్లు అనుకోండి. బండి రోడ్డుకు ఎడమ పక్కన నడిపే పద్ధతి గురించే చెబుతున్నాను. ఆ పద్ధతిలో మధ్య దిమ్మె చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపే అందరూ తిరుగుతారు. కుడి పక్కన నడిపే దేశాల్లో ఇదంతా తిరగేసి చదువుకోవాలి. మీకు ఎడమ చేతి రోడ్డు మొదటి ఎగ్జిట్, ఎదురుగా ఉన్నది రెండోది, కుడి చేతిది మూడోది. మీరు మూడోదాంట్లోకి పోవాలి.

శ్రోత: ఆఁ, మూడోది.

శిక్షకురాలు: రౌండబౌట్ బోర్డు కనబడినప్పుడే లేన్ తేల్చుకోవాలి. మీరు కుడికి పోతారు కాబట్టి కుడి లేన్. అద్దం చూసుకోండి, కుడి ఇండికేటర్ వెయ్యండి, అప్పుడు లేన్ మారండి. ముందు రోడ్డు మీద బాణం గుర్తులు ఉన్నాయేమో చూడండి. కుడి బాణం ఎడమ లేన్లో గీసి ఉంటే ఆ బాణమే లెక్క, నేను చెప్పింది కాదు. కొన్నిచోట్ల లోపలి గీతలు మిమ్మల్ని దిమ్మె దగ్గర్నుంచి మెల్లగా బయటికి, మీ ఎగ్జిట్ దాకా తీసుకుపోయేలా గీస్తారు. అలాంటి చోట గీత వెంట పోవడమే.

శ్రోత: లేన్ తేలడం ఆలస్యమై ఎడమ లేన్లోనే ఉండిపోతే?

శిక్షకురాలు: అప్పుడు కుడికి పోవాలన్న ఆలోచన వదిలెయ్యండి. ఆ లేన్ ఎటు పోతే అటు పోయి, ముందు ఎక్కడన్నా తిప్పుకుని రండి. రౌండబౌట్‌లోకి దిగే ముందు అడ్డంగా ఉండే గీత దగ్గరికొచ్చి అడ్డంగా కోసుకుంటూ కుడికి రావడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఆయన అసలు భయం దగ్గరికి వద్దాం మేడమ్. గీత దగ్గరికి వచ్చారు, ఎవరికి దారివ్వాలి?

శిక్షకురాలు: రౌండబౌట్ లోపల ఉన్నవాళ్లకి. అంటే మీ కుడివైపు నుంచి మీ ముందుకొచ్చేవాళ్లకి. దీనికి కారణం తెలిస్తే మళ్లీ మర్చిపోరు. బయటివాళ్లు ఆగకుండా దూరిపోతుంటే లోపలివాళ్లు ఆగిపోవాలి. ఆగిన బండ్లు వాళ్ల వెనకున్న ఎగ్జిట్లని మూసేస్తాయి. చుట్టూ నిండిపోయి ఎవరూ బయటికి పోలేరు. బ్రిటన్‌లో పాత రౌండబౌట్లు ఇలాగే బిగుసుకుపోయేవి. 1966లో కుడినుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలన్న నియమం పెట్టాకే అక్కడ ఆ చిక్కు వీడింది.

శ్రోత: కానీ మేడమ్, కుడివైపు చూస్తే ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

శిక్షకురాలు: మీరు మొత్తం సర్కిల్ ఖాళీ అవ్వాలని చూస్తున్నారు. అలా చూస్తే సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. మీ ఎడమ పక్కకి దాటిపోయిన బండితో మీకు పనిలేదు, అది వెంటనే మళ్లీ మీ ముందుకి రాదు. మీకు కావలసింది కుడి చేతి రోడ్డుకీ మీకూ మధ్య ఉన్న ముక్క. ఆ ముక్కలో ఎవరున్నారు, అందులోకి ఎవరు దిగుతున్నారు, అంతే. ఎదురు రోడ్డునుంచి తిన్నగా వచ్చేవాడు మీ ముందుకి రాకుండానే మీ రోడ్డులోకి దిగిపోతాడు. అదే ఎదురు రోడ్డునుంచి తన కుడికి పోయేవాడు మాత్రం మీ ముందునుంచే దాటాలి. అతనికి దారివ్వాలి.

శ్రోత: ఎవరు దిగిపోతారో, ఎవరు దాటతారో ఎలా తెలుస్తుందండీ? ఇండికేటర్ చూసేనా?

శిక్షకురాలు: ఇండికేటర్ చూడండి, దాన్ని నమ్మి మాత్రం కదలకండి. ఎడమ ఇండికేటర్ వేసుకుని దిగకుండా మీ ముందునుంచే పోయేవాళ్లు చాలామంది. ఎప్పుడో వేసింది ఆర్పడం మర్చిపోతారు. బండి ముందు చక్రాలు, మూతి మీ రోడ్డువైపు తిరగడం కనబడాలి. అప్పుడే అది దిగుతోందని లెక్క. ఇంకోటి, మీరు కుడికి పోవాలంటే బయటి లేన్ దాటుకుని లోపలి లేన్‌లోకి చేరాలి కదా. కాబట్టి రెండు లేన్లూ ఖాళీ ఉండాలి. బయటి లేన్లో వచ్చే కారు వెనక లోపలి లేన్లో ఒక మోటార్‌సైకిల్ దాగి ఉండొచ్చు. కారు దాటగానే దూకకుండా ఇంకొక్క చూపు చూడండి.

వ్యాఖ్యాత: గీత దగ్గర తప్పకుండా ఆగాలా?

శిక్షకురాలు: అక్కర్లేదు. దారివ్వమనే గుర్తంటే అవసరమైతే ఆగమని. స్టాప్ బోర్డో, ఎర్ర సిగ్నలో ఉంటే మాత్రం ఆగాల్సిందే. గీతకి ముందే వేగం బాగా తగ్గించి రెండో గేర్‌లోకి వచ్చేస్తే, ఖాళీ దొరికినప్పుడు అదే ఊపులో పోవచ్చు. పూర్తిగా ఆగితే మొదటి గేరు. నేర్చుకునేవాళ్లకి ఇంజన్ ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. బండి నిలబడిపోయినా రెండో గేర్‌లోనే ఉంచి క్లచ్ వదిలేస్తారు.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. మీ ముందు ఒక కారు గీత దగ్గర ఉంది. అది కదిలింది. మీరు వెంటనే కుడివైపు చూశారు, ఖాళీ కనబడింది, యాక్సిలరేటర్ తొక్కారు. ముందు కారాయన మనసు మార్చుకుని మళ్లీ ఆగాడు. మీ కళ్లు కుడివైపు, మీ బంపరు ఆయన డిక్కీలో. రౌండబౌట్ దగ్గర ఇలా వెనకనుంచి గుద్దుకోవడం చాలా మామూలు. ముందు బండి గీత దాటి లోపలికి పోయిందని కళ్లారా చూశాకే కుడివైపు చూడండి. కదిలే ముందు మళ్లీ ఒకసారి ఎదురుగా చూడండి.

శ్రోత: అమ్మో, నేను అచ్చం అలాగే చూస్తుంటానండీ, ఒకే పక్కకి.

శిక్షకురాలు: భయపడేవాళ్లందరూ అంతే. ప్రమాదం కుడినుంచి వస్తుందనుకుని కుడివైపే గుడ్లప్పగిస్తారు. సరే, లోపలికి వెళ్లారు. లోపలి లేన్, దిమ్మె పక్కగా. కుడి ఇండికేటర్ ఇంకా వెలుగుతూనే ఉండాలి. మొదటి ఎగ్జిట్ దాటింది. రెండో ఎగ్జిట్ వస్తోంది. ఇక్కడ తొందరపడి ఎడమ ఇండికేటర్ వేశారనుకోండి, ఏమవుతుంది?

శ్రోత: ఆ రోడ్డులో ఆగినవాళ్లు...

శిక్షకురాలు: మీరు ఆ రోడ్డులోకి దిగుతున్నారనుకుని మీ ముందుకి వచ్చేస్తారు. అందుకని రెండో ఎగ్జిట్ మీ ఎడమ కిటికీని దాటాకే ఎడమ ఇండికేటర్. అక్కడినుంచి మీ ఎగ్జిట్‌కి ఎక్కువ దూరం ఉండదు, కాబట్టి మరీ ఆలస్యం కూడా పనికిరాదు. ఎడమ అద్దం చూడండి, తల తిప్పి ఎడమ భుజం మీదుగా ఒక చూపు చూడండి. బయటి లేన్లో ఎవరూ లేకపోతే దిగండి. దిగే రోడ్డు మొదట్లోనే మనుషులు దాటుతుంటారు, అందుకని దిగేటప్పుడు వేగం పెంచొద్దు. స్టీరింగ్ తిరిగినప్పుడు ఇండికేటర్ దానంతటదే ఆరిపోవచ్చు, ఒక కన్ను దాని మీద వేసి ఉంచండి. రోడ్డులోకి వచ్చాక ఆరకపోతే మీరే ఆర్పండి.

వ్యాఖ్యాత: లైన్లో ఇంకొకరు ఉన్నారు. సార్, మీరు కూడా ఉండండి. చెప్పండమ్మా.

రెండో శ్రోత: నమస్తే మేడమ్. తిన్నగా పోవాలంటే ఏ ఇండికేటర్ వెయ్యాలి? ఒకరు రెండూ కలిపి వెయ్యమన్నారు.

శిక్షకురాలు: రెండూ కలిపి అస్సలు వెయ్యొద్దమ్మా. అది బండి ఆగిపోయినప్పుడో, ఆపద వచ్చినప్పుడో వేసేది. పైగా ఎవరికైనా మీ బండి ఒక పక్కే కనబడితే, వెలుగుతున్న ఆ ఒక్క దీపం చూసి మీరు అటు తిరుగుతున్నారనుకుంటారు. తిన్నగా పోవాలంటే వచ్చేటప్పుడు ఏ ఇండికేటరూ వద్దు. బాణాలు వేరేలా చెప్పకపోతే ఎడమ లేన్. మొదటి ఎగ్జిట్ దాటాక ఎడమ ఇండికేటర్ వేసి దిగిపోండి. ఎడమకి పోవాలంటే మొదటినుంచీ ఎడమ లేన్, ఎడమ ఇండికేటర్.

రెండో శ్రోత: పక్కన లారీ ఉంటే మేడమ్?

శిక్షకురాలు: దాని పక్కన ఉండొద్దు, వెనకే ఉండిపోండి. పొడుగు బండ్లు తిరగాలంటే రెండు లేన్లూ కావాలి. ముందు భాగం ఒక లేన్లో ఉంటే వెనక చక్రాలు ఇంకో లేన్‌లోకి కోసుకొస్తాయి. డ్రైవరు తప్పేం లేదు, ఆ బండి తీరే అంత.

శ్రోత: మేడమ్, చివరగా ఒకటి. మీరు చెప్పినట్టే వెళ్లాను, కానీ దిగే టైముకి బయటి లేన్లో ఎవరో ఉన్నారు. ఆగి వాళ్లని పోనివ్వాలా?

శిక్షకురాలు: లోపల ఆగొద్దండీ, వెనకవాళ్లు మీరు ఆగుతారనుకోరు. ఎడమ ఇండికేటర్ తీసేసి మళ్లీ కుడిది వెయ్యండి, దిమ్మె చుట్టూ ఇంకో చుట్టు తిరగండి. మీ రోడ్డూ, మొదటి ఎగ్జిట్టూ, రెండోదీ మళ్లీ దాటండి. రెండోది దాటగానే అద్దం, భుజం, ఎడమ ఇండికేటర్. అప్పటికీ ఖాళీ లేకపోతే ఇంకో చుట్టు.

శ్రోత: రెండు చుట్లు తిరిగితే జనం నవ్వరా?

శిక్షకురాలు: నవ్వుకోనివ్వండి సార్. మీ అమ్మాయి నవ్వితే ఆవిణ్ణే స్టీరింగ్ పట్టుకోమనండి.