గెడ్డ ఎటు, స్పర్ ఎటు: గోధుమరంగు గీతల్లో కొండను చదవడం
(విజయనగరంలో ఎన్‌సీసీ క్యాడెట్ల మ్యాప్ రీడింగ్ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీ చేతుల్లో రెండు కాగితాలున్నాయి. పెద్దది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ నకలు. చిన్నది నేను గీసిన నమూనా కొండ. అది నిజంగా ఎక్కడా లేదు, దాని మీద తప్పులు చేసినా ఎవరికీ నష్టం లేదు. ముందు దాంతో మొదలుపెట్టి తర్వాత పెద్ద షీట్‌కి వెళ్దాం.

కాంటూర్ అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. ఇది మీ పుస్తకంలో ఉంది, మీకు నోటికొచ్చు కూడా. నోటికొచ్చినవాళ్లు సైతం గెడ్డను స్పర్ అనీ, స్పర్‌ను గెడ్డ అనీ చెబుతుంటారు. కాగితం మీద రెండూ ఒకేలా వంకర తిరిగి కనిపిస్తాయి కాబట్టే ఈ తికమక. అందుకని ఇవాళ ఎక్కువసేపు దీని మీదే ఉంటాను.

తాటిపూడి రిజర్వాయర్ చూసినవాళ్లు చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. అక్కడ నీటి అంచు మొత్తం ఒకే మట్టంలో ఉంటుంది. అంటే నీళ్లు నేల మీద తమంతట తామే ఒక కాంటూర్ గీసి చూపిస్తున్నాయన్నమాట. ఆ అంచు తిన్నగా పోదు. గెడ్డ వచ్చి కలిసే చోట నీళ్లు లోపలికి, కొండవైపుకి చొచ్చుకుపోతాయి. కొండ ముందుకు పొడుచుకొచ్చిన చోట నేలే నీళ్లలోకి వస్తుంది, అంచు దాని చుట్టూ తిరిగి వెళ్తుంది. ఆ లోపలికి చొచ్చుకుపోయిన చోటు లోయ, ముందుకు పొడుచుకొచ్చిన చోటు స్పర్.

ఇదే కాగితం మీదకి తెద్దాం. గీత మొన తిరిగిన చోట వేలు పెట్టండి. ఆ మొన ఎక్కువ ఎత్తు గీతల వైపు చూస్తుంటే అక్కడ లోయ ఉంది. తక్కువ ఎత్తు గీతల వైపు చూస్తుంటే స్పర్ ఉంది. ఎటు ఎత్తో తెలియకుండా మొనను మాత్రమే చూసి జవాబు చెప్పకూడదు. సగం తప్పులు అక్కడే జరుగుతాయి. కాబట్టి ముందు అంకెలు చదవండి. 1:50,000 షీట్ మీద మామూలుగా గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు ఉంటుంది. అయినా షీట్ అడుగున రాసి ఉన్నది ఓసారి చూసుకోండి. ప్రతి ఐదో గీతా లావుగా ఉంటుంది, అంటే 100 మీటర్లకొకటి. అంకె దొరక్కపోతే గెడ్డలను చూడండి. రెండు గెడ్డలు కలిసే చోట వై ఆకారం వస్తుంది, దాని ఒంటి కాలు ఉన్నవైపే నీరు దిగుతుంది. పల్లం ఎటో తెలిసిపోయినట్టే. పాత షీట్ల మీద వేసవిలో ఎండిపోయే గెడ్డలు నల్లగీతలుగా ఉంటాయి. వాటిని బాట అనుకుని నడుద్దామని ప్లాన్ వేసినవాళ్లున్నారు, జాగ్రత్త.

రిడ్జ్ అంటే ఇలాంటి స్పర్‌లన్నీ దిగే అసలు వెన్ను. దాని రెండు పక్కలా నీరు వేర్వేరు గెడ్డల్లోకి పోతుంది. మ్యాప్ మీద ఇరుపక్కలా గీతలు దానికి దూరంగా దిగుతూ పోతాయి. ఒకే అంకె ఉన్న రెండు గీతలు పక్కపక్కనే కనిపిస్తే వాటి మధ్య వెన్ను ఉండొచ్చు, లోయ అడుగు కూడా ఉండొచ్చు. వాటికి బయటివైపున్న గీతలు చూడండి. అవి తగ్గుతుంటే మధ్యలోది వెన్ను, పెరుగుతుంటే లోయ.

ఇప్పుడు నమూనా కొండ. శిఖరం పక్కన 412 అని ఉంది. దక్షిణాన ఊరు, అది దాదాపు 100 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరి నుంచి శిఖరానికి పోవాలి. 200 గీత మీద పడమటి నుంచి తూర్పుకి వేలు జరపండి. మొదట ఒకచోట మొన శిఖరంవైపు తిరిగింది. అక్కడ గెడ్డ ఉంది. కాస్త ముందుకెళ్తే మొన ఊరివైపు తిరిగింది. అది స్పర్. ఈ రెండిట్లో ఏది ఎక్కుతారు?

గెడ్డ దారి సూటిగా కనిపిస్తోంది కదా. స్కేల్ పెట్టండి. ఈ మ్యాప్ మీద 1 మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. గెడ్డలో 200 గీతకూ 300 గీతకూ మధ్య 2 మిల్లీమీటర్లే ఉంది. అంటే 100 మీటర్ల దూరంలో 100 మీటర్లు ఎక్కాలి, 45 డిగ్రీల వాలు. చేతులు పెట్టకుండా ఎక్కలేం. స్పర్ మీద అదే 200, 300 గీతల మధ్య 6 మిల్లీమీటర్లు, అంటే 300 మీటర్లు. మూడుకి ఒకటి, దాదాపు 18 డిగ్రీలు. ఆయాసం వస్తుంది గానీ నడవొచ్చు. స్పర్ దారే మేలు. వాన పడితే గెడ్డలో నీళ్లు మనకి ఎదురొస్తాయి, అది వేరే టెన్షన్.

స్పర్ మీద ఇంకొంచెం పైకి వెళ్లండి. 340 అంకెతో ఒక చిన్న మూసిన గుండ్రం ఉంది. దాని వెనక, అసలు కొండకు మరో 340 గీత ఉంది. ఈ రెండింటినీ కలిపి 320 గీత చుట్టుకుంది. అంటే ఇక్కడ ఒక చిన్న మెట్ట, దాని వెనక ఒక కనుమ ఉన్నాయి. కనుమ ఎత్తు ఎంత? 320 రెండిటినీ కలిపింది కాబట్టి అంతకంటే ఎక్కువ. 340 రెండు ముక్కలైంది కాబట్టి అంతకంటే తక్కువ. అందుకే కింద నుంచి చూసేవాడికి ఆ మెట్టే శిఖరంలా కనిపిస్తుంది. ఎక్కాక తెలుస్తుంది, మళ్లీ కనుమలోకి దిగి ఎక్కాలని. మ్యాప్ చూసుకున్నవాడు నీళ్లను అందుకు తగ్గట్టు దాచుకుంటాడు.

వాలు గురించి ఇంకో ముక్క. గీతల దూరం మారే తీరు చూడండి. కింద దగ్గరగా, పైన దూరంగా ఉంటే ఆ కొండ ఉబ్బెత్తుగా ఉంటుంది, పాదం దగ్గర నుంచి శిఖరం కనపడదు. కింద దూరంగా, పైన దగ్గరగా ఉంటే ఆఖరి మెట్టే కష్టం, కానీ కింద నుంచే పైదాకా కనిపిస్తుంది.

ఇక షీట్ చెప్పనివి. 20 మీటర్ల తేడాతో గీసిన మ్యాప్‌లో 15 మీటర్ల నిట్టనిలువు రాయి రెండు గీతల మధ్య దాక్కోగలదు. రామతీర్థం వైపు నున్నటి రాతి కొండలుంటాయి కదా, అలాంటి చోట గీతలు నడవొచ్చన్నట్టు ఉన్నా కాలు ఆనదు. నాగావళి గట్టు ఎత్తు కూడా గీతల్లో ఆశించకండి. సముద్రంవైపు మైదానంలోనైతే చాలా దూరం ఒక్క కాంటూరూ కనపడదు. అక్కడ షీట్ మీద చుక్క పెట్టి రాసిన ఎత్తులే ఆధారం.

ఇప్పుడు పెద్ద షీట్ తెరవండి. ముందు గెడ్డలన్నీ నీలం పెన్సిల్‌తో దిద్దండి, షీట్ మీద గెడ్డ గీయకపోయినా మొన పైకి తిరిగిన చోటల్లా. తర్వాత రెండు నీలం గీతల మధ్య మొనలు కిందికి తిరిగిన చోట్లను ఎర్రగా కలపండి. ఎరుపు ఎక్కడా నీలాన్ని దాటకూడదు. దాటిందంటే ఆ చోట అంకె మళ్లీ చదవండి. పావుగంట ఇస్తాను.