షేర్ కొన్న రోజు ఒకటి, మన పేరు మీదికి వచ్చే రోజు ఇంకొకటి: సెటిల్‌మెంట్ స్క్రీన్ మీద చూద్దాం

అందరికీ నమస్కారం. ఇదిగో నా బ్రోకర్ యాప్. సోమవారం ఉదయం ఒక కంపెనీ షేర్లు 10 కొన్నాను, డెలివరీకి. ఆర్డర్ పెట్టడం మీకు తెలిసిందే, అది దాటేస్తున్నా. ఇక్కడ చూడండి, హోల్డింగ్స్‌లో 10 కనిపిస్తున్నాయి. పక్కనే చిన్నగా T1 అని ఉంది కదా? ఈ వీడియో అంతా ఆ T1 గురించే.

ఇప్పుడు ఇంకో ట్యాబ్. ఇది సీడీఎస్ఎల్ వాళ్ల ఈజీ, మన డీమ్యాట్ ఖాతాను, షేర్లను ఎలక్ట్రానిక్‌గా భద్రపరిచే డిపాజిటరీ దగ్గరే నేరుగా చూసుకునే చోటు. నేనైతే దీన్ని బుక్‌మార్క్ చేసి పెట్టుకున్నా, మీరూ పెట్టుకోండి. సోమవారం రాత్రి ఇందులో వెతికితే ఆ 10 షేర్లు లేవు. యాప్‌లో ఉన్నాయి, ఇక్కడ లేవు. యాప్ చూపించేది మీరు కొన్న లెక్క. మీకు దఖలు పడిన లెక్క ఇక్కడుంటుంది.

మరి సోమవారం రాత్రి ఆ షేర్లు ఎక్కడున్నాయి? అమ్మినాయన డీమ్యాట్‌లోనే ఉంటాయి, అమ్మకానికని బ్లాక్ చేసి. మధ్యలో ఉండేది క్లియరింగ్ కార్పొరేషన్. ఎన్ఎస్ఈకి ఎన్ఎస్ఈ క్లియరింగ్, బీఎస్ఈకి ఐసీసీఎల్. ట్రేడ్ కుదిరాక మీకు షేర్లు ఇవ్వాల్సిన బాధ్యత దానిది, అమ్మినాయనకు డబ్బు ఇవ్వాల్సిన బాధ్యతా దానిదే. అమ్మినాయన ఎవరో మీకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

తర్వాత అది నికరం లెక్క కడుతుంది. ఒక బ్రోకర్ క్లయింట్లంతా కలిపి ఆ రోజు ఇదే షేర్ 1000 కొన్నారు, 700 అమ్మారు అనుకోండి. ఆ బ్రోకర్‌కు బయటి నుంచి రావాల్సింది 300. డబ్బూ అంతే, తేడా వరకే కదులుతుంది.

మంగళవారం ఉదయం పే-ఇన్. అమ్మినవాళ్ల షేర్లు, కొన్నవాళ్ల డబ్బు క్లియరింగ్ కార్పొరేషన్‌కు చేరాలి. తర్వాత పే-అవుట్. షేర్లు మీ డీమ్యాట్‌లో పడతాయి. ఇదే టీ ప్లస్ వన్, అంటే ట్రేడ్ జరిగిన రోజు తర్వాత ఒక పనిరోజు; యాప్‌లో T1 అన్నది దీన్నే. మన దగ్గర 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి, అంతకుముందు రెండు రోజులు పట్టేది. అన్నట్టు, మధ్యలో సెటిల్‌మెంట్ హాలిడే వస్తే ఆ రోజు లెక్కలోకి రాదు.

మంగళవారం రాత్రికి కూడా T1 పోలేదు, ఈజీలోనూ లేవు అంటే? అమ్మినాయన షేర్లు ఇవ్వలేదేమో. దాన్ని షార్ట్ డెలివరీ అంటారు. అప్పుడు క్లియరింగ్ కార్పొరేషన్ వేలంలో వేరేవాళ్ల దగ్గర కొని మీకు ఇస్తుంది. వేలంలోనూ దొరక్కపోతే, నిబంధనల ప్రకారం ధర కట్టి డబ్బు ఇస్తుంది. ఆ భారం ఇవ్వనివాళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నేను ఇక్కడే దెబ్బతిన్నాను, అందుకే నెమ్మదిగా చెప్తా.

ఒక కంపెనీ షేరుకు 8 రూపాయల డివిడెండ్ ప్రకటించింది, రికార్డ్ డేట్ మంగళవారం. నేను ఆ మంగళవారం ఉదయమే 50 షేర్లు కొన్నాను. సాయంత్రానికి యాప్‌లో 50 కనిపించాయి. రికార్డ్ డేట్ రోజు నా దగ్గర షేర్లున్నాయి కదా, 400 వస్తాయి అనుకున్నా. రాలేదు.

ఎందుకంటే, కంపెనీ మన యాప్‌ను చూడదు. రికార్డ్ డేట్ ముగిసేసరికి డిపాజిటరీలో ఎవరి ఖాతాలో ఎన్ని షేర్లున్నాయో ఆ జాబితా, కంపెనీ తరఫున వాటాదారుల లెక్క చూసే రిజిస్ట్రార్ తీసుకుంటాడు. చాలా కంపెనీలకు ఆ పని చేసే కేఫిన్‌టెక్ మన హైదరాబాద్‌దే. నా 50 షేర్లు వచ్చింది బుధవారం. మంగళవారం జాబితాలో అవి అమ్మినాయన పేరు మీదే ఉన్నాయి, డివిడెండ్ ఆయనకే వెళ్లింది. అదే నేను సోమవారం కొని ఉంటే, మంగళవారం పే-అవుట్‌లో వచ్చేవి, జాబితాలో నా పేరుండేది.

మళ్లీ చెప్తున్నా: మంగళవారం రికార్డ్ డేట్ అయితే సోమవారమే ఆఖరు. మంగళవారం కొంటే ఆలస్యమైనట్టే. అలాగని నేను మోసపోయానా? లేదు. ఎక్స్-డేట్ కూడా ఆ మంగళవారమే. ఆ రోజు ట్రేడింగ్ డివిడెండ్ లేని ధరకే మొదలవుతుంది, నేను కొన్నది ఆ ధరకే.

సరే, మొదట కొన్న ఆ 10 షేర్ల దగ్గరికి వద్దాం, ఇప్పుడు బుధవారం ఉదయం. ఈజీ తెరుస్తున్నా. కంపెనీ పేరుతో వెతక్కండి, ఒకే పేరుతో రెండు మూడు వరుసలు ఉంటాయి. బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్‌లో, ఆ షేరుకు మాత్రమే ఉండే, INE తో మొదలయ్యే ఐసిన్ నంబర్ ఉంటుంది చూడండి, అది కాపీ చేసి ఇక్కడ Ctrl+F కొట్టండి. ఇదిగో, 10. యాప్‌లో కూడా T1 పోయింది.