వాయిదా దాటిన బండికి రాసే ఉత్తరం: అపరాధ రుసుము లెక్క ఎక్కడ తప్పుతోంది

అందరికీ నమస్కారం. గాజువాక, మద్దిలపాలెం, పెందుర్తి షోరూముల ఫైనాన్స్ డెస్కుల నుంచి వచ్చారు కాబట్టి, మీరు రోజూ పంపే ఉత్తరంతోనే మొదలుపెడతాను. "మీ ఈఎంఐ పెండింగులో ఉంది. 24% పీనల్ ఇంటరెస్ట్ పడుతోంది. వెంటనే కట్టకపోతే బండి సీజ్ చేయబడును." ఇందులో దురుసుతనం కంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ఎంత కట్టాలో, ఏ తేదీలోగా కట్టాలో ఈ మూడు వాక్యాల్లో ఎక్కడా లేదు.

ఒక ప్యాసింజర్ ఆటో రుణం తీసుకుందాం. వాయిదా రూ. 7,300. కట్టాల్సిన తేదీ జూలై 5. అసలు బాకీ ఇంకా రూ. 1,80,000 ఉంది. అగ్రిమెంటులో "గడువు దాటిన వాయిదా మీద ఏడాదికి 24 శాతం" అని ఉంది. 7,300 మీద 24 శాతం అంటే ఏడాదికి రూ. 1,752. దాన్ని 365తో భాగిస్తే రోజుకు రూ. 4.80. జూలై 15న కడితే పది రోజులకు రూ. 48.

పాత ఉత్తరంలో "24%" అని మాత్రమే రాసి, దేని మీదో చెప్పలేదు. అడిగినప్పుడు డెస్కులో ఉన్నవాళ్లు మొత్తం బాకీ మీద వేసి చెబితే అదే పది రోజులకు దాదాపు రూ. 1,183 అవుతుంది. రూ. 48కీ దానికీ పొంతనే లేదు. కస్టమర్ గొడవకు దిగేది ఇక్కడే, అతని వాదనా న్యాయమే. అందుకే శాతం పక్కన "దేని మీద" అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. కొన్ని అగ్రిమెంట్లలో "నెలకు 2 శాతం, నెలలో కొంత భాగమైనా పూర్తి నెలే" అని ఉంటుంది. అప్పుడు పది రోజులకైనా రూ. 146 పడుతుంది. కాబట్టి ఫార్మాట్ నుంచి కాపీ కొట్టకుండా, ఆ ఖాతా అగ్రిమెంటు తెరిచి చూసి రాయాలి.

రెండో విషయం, రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశం. కొత్త రుణాలకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఈ మొత్తాన్ని వడ్డీ రేటుకు కలిపి పెంచకూడదు. విడిగా అపరాధ రుసుముగా, అంటే పీనల్ ఛార్జీగా వేయాలి. దాన్ని అసలులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. ఆగస్టు 5న రెండో వాయిదా కూడా తప్పితే, జూలై రుసుమును బకాయిలో కలిపేసి కొత్త రుసుము లెక్కగట్టడం మామూలుగా జరిగే పొరపాటు. తేడా పైసల్లోనే ఉంటుంది, కానీ నిబంధనను అతిక్రమించినట్టే. గుర్తుచేస్తూ పంపే ప్రతి ఉత్తరంలోనూ వర్తించే రుసుము ఎంతో చెప్పాలని కూడా అదే ఆదేశంలో ఉంది.

ఇప్పుడు అదే ఉత్తరాన్ని తిరిగి రాద్దాం. వాయిదాను బ్యాంకు ఖాతా నుంచి నేరుగా తీసుకోవడానికి కస్టమర్ ఇచ్చిన మేండేట్ వెనక్కి వచ్చినందుకు అగ్రిమెంటులో రూ. 450 ఉందనుకోండి.

"నమస్కారం అండీ. మీ ఆటో రుణంలో జూలై 5న కట్టవలసిన వాయిదా రూ. 7,300 ఫైనాన్స్ కంపెనీకి ఇంకా అందలేదు. ఖాతాలో నిల్వ చాలక మేండేట్ వెనక్కి వచ్చిందని బ్యాంకు తెలిపింది. జూలై 15న కడితే వాయిదా రూ. 7,300, పది రోజుల అపరాధ రుసుము రూ. 48, మేండేట్ వెనక్కి వచ్చినందుకు రూ. 450, మొత్తం రూ. 7,798. ఆ తర్వాత ప్రతి రోజుకూ రూ. 4.80 చేరుతుంది. ఈ రుసుము గడువు దాటిన వాయిదా మీద మాత్రమే, మొత్తం బాకీ మీద కాదు. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు నంబరు తెలపగలరు. కట్టడానికి ఇబ్బంది ఉంటే డెస్కుకు ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం."

బండి స్వాధీనం మాట ఇందులో లేదు, కావాలనే వదిలేశాను. పది రోజుల ఆలస్యానికి ఆ మాట ఎత్తడం అన్యాయం. అవసరమైతే దాన్ని ఫైనాన్స్ కంపెనీ తన నోటీసులో, అగ్రిమెంటు ప్రకారం రాసుకుంటుంది. అప్పు ఇచ్చింది వాళ్లు, డీలర్ కాదు. రుసుము తగ్గించే అధికారం కూడా మీకు లేదు కాబట్టి "మాఫీ చేయిస్తాం" అని ఉత్తరంలో గానీ ఫోన్లో గానీ అనకండి.

పంపే రోజు పొద్దున్నే ఖాతా ఒకసారి తెరిచి చూడండి. నిన్న రాత్రి యూపీఐలో కట్టిన డబ్బు లెడ్జర్లో ఇంకా కనిపించకపోవచ్చు. మేండేట్‌ను మళ్లీ బ్యాంకుకు పంపే తేదీ పెట్టి ఉంటే దాన్నీ ఉత్తరంలో చేర్చండి. ఆ తేదీ తెలియక కస్టమర్ యూపీఐలో కట్టేస్తే, ఖాతాలో డబ్బుంటే వాయిదా రెండుసార్లు పోతుంది, లేకపోతే మేండేట్ మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో రూ. 450 పడుతుంది.